'కాస్త' అంటే ఎన్ని నిమిషాలు?

నేను తూకం యంత్రాలు అమ్ముతాను. వాటినే ఇక్కడ అందరూ కాటాలంటారు. చిన్న వ్యాన్‌లో రెండు మూడు ఎలక్ట్రానిక్ కాటాలూ, పరీక్షకు తూకం రాళ్ళూ పెట్టుకుని వారానికి ఒకరోజు తిరువళ్ళూరు, తిరుత్తణి చుట్టి వస్తాను. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరే కదా! అందుకే అక్కడి కొట్లలో చాలామందితో మన తెలుగులోనే బేరం నడుస్తుంది. అలాంటి ఒక పెద్దాయన నాకు నేర్పిన పాఠం ఇది.

ఆ రోజు శుక్రవారం. తిరువళ్ళూరులో 10 గంటలకు ఒక బియ్యం కొట్టు, 10:45కి ఒక నగల దుకాణం, 12:30కి తిరుత్తణిలో ఈ పెద్దాయన నూలు అంగడి. ముగ్గురికీ ముందురోజే మెసేజ్ పెట్టాను. రెండు ఊళ్ళ మధ్య దూరం 40 కిలోమీటర్ల పైచిలుకు. ఫోన్‌లో మ్యాప్ గంటా పది నిమిషాలంది. 11:15కి బయలుదేరితే 12:25కి చేరతాను. కాగితం మీద లెక్క ముచ్చటగానే ఉంది.

బియ్యం కొట్టులో బేరాలు ఎక్కువై 20 నిమిషాలు పోయాయి. నగల దుకాణానికి 11:05కి చేరాను. యజమాని కాటా చూశాడు, నచ్చిందన్నాడు, కానీ అడ్వాన్స్ మాత్రం 12 దాటాక ఇస్తానన్నాడు. శుక్రవారం రాహుకాలం 10:30 నుంచి 12 దాకా అని నాకు తెలియక కాదు, మెసేజ్ పెట్టేటప్పుడు తట్టలేదు. ఆర్డరు వదులుకోలేక కూర్చున్నాను. 12:15కి బయటపడి పెద్దాయనకు మెసేజ్ కొట్టాను: "కాస్త ఆలస్యం అవుతుందండీ, వస్తున్నాను."

ఆ రోజు కృత్తిక అని కూడా చూసుకోలేదు. కొండకు వచ్చిన జనంతో తిరుత్తణి వీధులు నిండిపోయాయి. వ్యాన్ ఎక్కడో ఆపి, కాటా మోసుకుంటూ అంగడిలో అడుగుపెట్టేసరికి 2:05. పెద్దాయన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. పనివాడు గ్లాసులో చక్కెర కలిపిన నీళ్ళు తాగిస్తున్నాడు. ఆయనకు షుగరు. భోజనానికి ముందు వేసుకునే మాత్ర 12:15కి వేసుకున్నాడట. అంతలో నా మెసేజ్ వచ్చింది. 'కాస్త' అంటే పది నిమిషాలే కదా, అబ్బాయి వచ్చాక పని చూసుకుని తిందామని క్యారియరు మూత తీయకుండా కూర్చున్నాడు.

తేరుకున్నాక నన్ను తిట్టలేదు. "ఆలస్యం ఎవరికైనా అవుతుంది నాయనా. రెండవుతుందని చెప్పుంటే నేను అన్నం తినేవాణ్ణి కదా!" అన్నాడు. అంతే. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే తప్పు రెండు చోట్ల కనిపించింది. ఒకటి, నా లెక్కలో వెసులుబాటు లేదు. రెండోది అంతకంటే పెద్దది: నా అవస్థ నాకు తెలుసు, ఎదుటివారికి అంకెల్లో తెలియదు.

ముందు లెక్క సరిచేసుకున్నాను. మ్యాప్ చెప్పేది బండి నడిచే సమయం. నాకు కావలసింది ఒక కొట్టులో కుర్చీలోంచి లేచిన క్షణం నుంచి ఇంకో కొట్టులో కుర్చీలో కూర్చునే క్షణం దాకా పట్టే సమయం. కాటా సర్దడం, వ్యాన్ ఆపడానికి చోటు వెతకడం, సామాను మోయడం, యజమాని గిరాకీ ముగిసేదాకా నిలబడడం, ఇవన్నీ అందులోవే. పది ప్రయాణాలు నోటుబుక్కులో రాసుకుంటే ఎనిమిదిసార్లు 95 నిమిషాలలోపే అయింది. సగటు తీసుకోలేదు. సగటును నమ్ముకుంటే రెండుసార్లకు ఒకసారి ఆలస్యమవుతాం. ఎనిమిదిసార్లు సరిపోయిన అంకెనే పట్టుకున్నాను.

తర్వాత వెసులుబాటు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. మొదట ప్రతి చోటా పదేసి నిమిషాలు కలిపి చూశాను. ఫలితం లేదు. ఒక్కచోట అరగంట ఆలస్యమైతే ఆ పది చాలదు. త్వరగా అయిపోతే ముందుగా వెళ్ళినా అవతలివారు సిద్ధంగా ఉండరు. అందుకని ఆ నిమిషాలన్నీ పోగుచేసి పెద్ద ప్రయాణానికి ముందు ఒక్కచోట పెట్టాను.

ఇప్పుడు నా శుక్రవారం ఇలా ఉంటుంది. 10:30కి బియ్యం కొట్టు. అక్కడ పాత కాటా సరిచూడడమే, డబ్బు చేతులు మారే పని లేదు కనుక రాహుకాలం అడ్డురాదు. 11:10కి ముగియాలి. నగల దుకాణం 12కి. ఈ మధ్యనున్న 50 నిమిషాలే నా మిగులు. బియ్యం కొట్టులో అరగంట ఎక్కువ పట్టినా ఇబ్బంది లేదు. 12:30కి తిరువళ్ళూరు వదిలితే, 95 నిమిషాలు కలుపుకుని 2:05కి తిరుత్తణి. అందుకే పెద్దాయనకు ఇలా రాస్తాను:

"నమస్కారమండీ. శుక్రవారం మధ్యాహ్నం 2:00 నుంచి 2:30 లోపల అంగడికి వస్తాను. పని 40 నిమిషాలు. మీరు నా కోసం ఆగకుండా భోజనం చేసేయండి. తిరువళ్ళూరులో బయలుదేరేటప్పుడు, 12:55 లోపల, ఫోన్ చేస్తాను. 2:30 దాటేలా ఉంటే అప్పుడే చెబుతాను, వేరే రోజు పెట్టుకుందాం."

12:55 గాలిలోంచి పుట్టిన అంకె కాదు. 2:30లోంచి 95 నిమిషాలు తీసేస్తే మిగిలేది అదే. ఆ సమయానికి ఇంకా తిరువళ్ళూరులోనే ఉంటే మాట నిలబడదని నాకు అక్కడే తెలిసిపోతుంది. అప్పుడు ఆశతో బయలుదేరకుండా ఫోన్ చేస్తాను. దారిలో కనకమ్మఛత్రం దగ్గర టీకి బండి ఆపి, అవసరమైతే ఇంకొక మెసేజ్ పెడతాను. అందులోనూ 'కాస్త' ఉండదు, "2:20కి చేరతాను" అని ఉంటుంది.

ఒక సంగతి గమనించాను. అందరికీ అరగంట గడువు ఇవ్వకూడదు. పొద్దున మొదటి వారికి సరిగ్గా 10:30 అనే చెప్పాలి, ఎందుకంటే నన్ను ఆలస్యం చేసే పని అంతకుముందు ఏదీ లేదు. రెండోవారికి పావుగంట, మూడోవారికి అరగంట. అరగంటకు మించి అడిగితే మాత్రం ఎవరూ మనకోసం పని ఆపుకోరు. మనకే రోజు మీద పట్టు లేదనుకుంటారు. నా లెక్కకు అరగంట చాలకపోతే ఆ రోజు పనుల్లో ఒకటి తగ్గించుకోవాలని అర్థం.

నిజానికి నేను తగ్గించుకున్నాను కూడా. ఇదివరకు రోజుకు ఐదు కొట్లు, ఇప్పుడు నాలుగే. నెలకు నాలుగు సందర్శనలు పోయినట్టే. ఆ నష్టం నిజమే, కాదనను. పైగా పంచాంగం, క్యాలెండరు కూడా ముందే చూసుకోవాలి. అమావాస్యకు తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి కోవెల చుట్టూ బండి కదలదు. కృత్తికకు తిరుత్తణి సంగతి చెప్పనే చెప్పాను. ఆ రోజుల్లో నా 95 నిమిషాల లెక్క పనికిరాదు. ఆ రోజు ఆ ఊరు పెట్టుకోకపోవడమే మేలు.

మొన్న పెద్దాయన అంగడికి 2:10కి వెళ్ళాను. క్యారియరు కడిగి బోర్లించి ఉంది. కాటా మీద నూలు చిలపలు పెడుతూ, "ఏం నాయనా, నువ్వు తిన్నావా?" అన్నాడు.

తినలేదు. నా లెక్కలో నా భోజనానికి నేనే చోటు పెట్టుకోలేదు. వచ్చే శుక్రవారానికి ఆ ఒక్కటీ సరిచేయాలి.