ఒక్క గాజు మోగదు

ఆదివారం పొద్దున కణేకల్ నుంచి మా పిన్ని కూతురు వీడియో కాల్ చేసింది. మంగళవారం బెంగళూరులో తన మొదటి ఇంటర్వ్యూ. మంచం మీద లేత నీలం చొక్కా, నల్ల ప్యాంటు పరిచి ఉన్నాయి. పక్కనే జుంకాలు, చేతికి నాలుగేసి గాజులు, లక్ష్మీకాసు గొలుసు, మువ్వల పట్టీలు. "అక్కా, వీటిలో ఏవి తీసేయాల?" అంది. వెనక నుంచి పిన్ని గొంతు: "తీసేదేంది మే? బోసిమెడతో పోతే కుదవ పెట్టుకున్నారనుకుంటారు."

పిన్ని మాట నవ్వుకోవాల్సింది కాదు. మా వైపు హెచ్చెల్సీ నీళ్ళు అందే పొలాలు కొన్నే. మిగతావాళ్ళు మొగులు చూడాల్సిందే. విత్తనానికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు బంగారం బ్యాంకుకు పోతుంది, పంట వస్తే ఇంటికొస్తుంది. అందుకే పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ మెడ చూసి ఆ ఏడు ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పేస్తారు.

నేను చెల్లికి చెప్పింది ఒకటే. అన్నీ పెట్టుకుని టేబుల్ ముందు కూర్చో, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చెయ్, ఐదు నిమిషాలు టైప్ చెయ్, తర్వాత లేచి గోడ మీద రాస్తున్నట్టు చెయ్యెత్తు. సాయంత్రం ఆ రికార్డింగ్ ఇద్దరం విన్నాం. టైప్ చేసినంతసేపూ గాజులు టేబుల్ అంచుకు తగులుతున్నాయి. చెయ్యెత్తితే మోచేతి దాకా జారి, దించగానే అన్నీ కలిసి ఒక్కసారిగా పడుతున్నాయి. తల తిప్పినప్పుడల్లా జుంకా హెడ్‌సెట్‌కు కొట్టుకుంటోంది. ముందుకు వంగితే కాసు టేబుల్‌ను తాకుతోంది. ఇక పట్టీల సంగతి చెప్పక్కర్లేదు. కదిలేవి, మోగేవి తీసేయమన్నాను. ఖరీదుతో పని లేదు. చెవికి అతుక్కుని ఉండే రాళ్ళ కమ్మలు జుంకాలకన్నా ఖరీదైనా వాటితో ఇబ్బంది లేదు.

ఇంత ఖచ్చితంగా ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు నేనూ టేబుల్‌కి అవతలివైపు కూర్చుంటున్నాను. మా ఫారంలో నగలకు మార్కుల్లేవు. కానీ ఒకసారి ఒకమ్మాయి బోర్డు మీద రాస్తూ మాట్లాడుతుంటే నా చూపు ఆమె గాజుల మీదికే పోయింది. తర్వాత చూసుకుంటే నా నోట్సులో ఆమె జవాబు సగమే ఉంది. తప్పు నాది, నష్టం ఆమెది.

అయితే ఈ లెక్కకు అందనివీ ఉన్నాయి. నల్లపూసలు మోగవు, కానీ మాట్లాడతాయి. పెళ్ళయిన ఏడాదికి ఉద్యోగం మారదామని వెళ్తే, కోడ్ గురించి అంతా అడిగాక, నా మెడ వైపు చూసి "పిల్లల ప్లాన్ ఏమైనా ఉందా?" అన్నారు. తర్వాతి ఇంటర్వ్యూకు నల్లపూసలు కాలర్ లోపలికి తోసేశాను. ఆ ప్రశ్న రాలేదు. రెండే ఇంటర్వ్యూలతో సిద్ధాంతం చేయలేను గానీ, దాచుకోవాల్సి వచ్చిందన్న చిరాకు మాత్రం ఇంకా పోలేదు.

చెల్లి ముక్కుపుడక దగ్గర కూడా ఆగాం. కుట్టించి మూడు నెలలే అయింది, తీస్తే రంధ్రం పూడుకుపోవచ్చు. ఉంచుకోమన్నాను. దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో, సునాలి పిళ్ళై అనే తమిళ మూలాలున్న అమ్మాయి ముక్కుపుడకతో బడికి వస్తే, నియమాల ప్రకారం తీసేయాలన్నారు. తల్లి కోర్టుకెక్కింది. 2007లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ అమ్మాయి వైపే తీర్పు చెప్పింది. పుడక ఆమె మతంలో తప్పనిసరి కాకపోయినా, తన సంస్కృతిలో భాగంగా ఇష్టపడి పెట్టుకున్నదానికి కూడా రక్షణ ఉంటుందన్నది. మన ఇంటర్వ్యూలకు ఆ తీర్పు వర్తించదు. కానీ ఎవరి పనికీ అడ్డురాని చిన్న పుడకను తీయించడానికి కారణం చెప్పాల్సింది తీయమన్నవాళ్ళే అని నాకు నచ్చజెప్పింది అదే.

చివరికి పిన్ని దగ్గరే చిక్కుకుపోయాం. మెడకు సన్న గొలుసుతో సరిపెట్టుకుంది గానీ, బోసి చేతులకు మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. అప్పుడు భాగవతంలో అవధూత చెప్పే కన్య కథ గుర్తొచ్చింది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ముందుగదిలో ఉంటే, లోపల ఆ పిల్ల ఒక్కతే వడ్లు దంచుతోంది. గాజులు మోగి ఇంటి పేదరికం బయటపడుతుందని సిగ్గుపడి ఒక్కొక్కటే తీసేస్తుంది. రెండేసి మిగిలినా మోగుతాయి. ఒక్కొక్కటి ఉంచుకున్నాక మోగవు. ఆలోచిస్తే అదీ ఇంటర్వ్యూనే.

పిన్నికి ఈ కథ చెప్పాను. "అట్లయితే ఒక్కోటి ఉండనీ," అంది.

మంగళవారం బస్టాండు నుంచి చెల్లి ఫోటో పంపింది. గుండీ పెట్టిన కఫ్ లోంచి ఒక్క గాజు అంచు కనిపిస్తోంది. ముక్కుపుడక ఉంది. మిగతా ఆరు గాజులు గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకుందట. కణేకల్‌లో బస్సు దిగేముందు మళ్ళీ వేసుకోవాలి కదా.