నవంబర్ పని

నవంబర్ 4

సత్యనారాయణపురం పిన్నిగారింట్లో పొద్దున కుళాయికి వాషర్ వేయించి, మధ్యాహ్నం లైఫ్ సర్టిఫికెట్ పని పట్టుకున్నాను. బాబాయిగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఆవిడకి ఫ్యామిలీ పింఛను వస్తోంది. కొడుకు డల్లాస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో.

వేలిముద్రల మిషన్ ఏ వేలినీ పట్టలేదు. చేతులు కడిగించి, తుడిచి, మళ్లీ పెట్టించినా అంతే. 78 ఏళ్లకి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రేపు ముఖంతో చేయాలి.

పాత కాగితాలు తిరగేస్తే నిరుడు నెట్ సెంటర్‌లో తీసిన ప్రింటు దొరికింది. పింఛను రకం దగ్గర ‘సర్వీస్’ అని ఉంది. అది ఉద్యోగం చేసినవారికి. ఈవిడది ‘ఫ్యామిలీ’. అందుకే నిరుడు బ్యాంకు దాన్ని తిప్పికొట్టింది, డిసెంబర్ నుంచి పింఛను ఆగింది. ప్రమాణ్ ఐడీ మెసేజ్ వచ్చిందిగా అని పిల్లలు ధీమాగా ఉన్నారట. తర్వాత బకాయితో సహా పడిందనుకోండి, ఈలోగా మందుల డబ్బుకి కొడుకుని అడగాల్సి వచ్చినందుకు ఆవిడ ఎంత నొచ్చుకున్నారో!

నవంబర్ 5

జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లు రెండూ నా ఫోన్‌లో ఉన్నాయి. ఆపరేటర్‌గా నా ముఖం ఇదివరకే నమోదైంది. పిన్నిగారు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడింది. కుర్చీ తిప్పి, వెలుగు ఎదురుగా పడేట్టు కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించాను. రెప్ప ఆర్పమంటే కళ్లు గట్టిగా మూసేసుకుంటున్నారు. “మామూలుగా ఒక్కసారి ఆర్పండి పిన్నిగారూ” అన్నాక పట్టింది.

పీపీఓ నంబరు, ఖాతా నంబరు కాగితం చూసి ఒక్కో అంకె పైకి చదువుతూ కొట్టాను. ‘ఫ్యామిలీ’ ఎంచాను. మళ్లీ పెళ్లి చేసుకున్నారా అన్న ప్రశ్న వచ్చింది. “అదీ అడగాలా నాయనా, లేదని కొట్టెయ్” అన్నారు. అయినా చదివే వినిపించాను. అది ఆవిడ ఇచ్చే హామీ, ఆవిడ నోటే రావాలి.

ప్రమాణ్ ఐడీ వచ్చింది. రాత్రి కొడుకు ఫోన్ చేసి “అయిపోయినట్టేగా అన్నా?” అన్నాడు. కాలేదన్నాను. సర్టిఫికెట్ తయారైందని చెప్పేదే ఆ మెసేజ్. బ్యాంకు ఒప్పుకుందో లేదో వెబ్‌సైట్‌లో విడిగా చూడాలి.

నవంబర్ 11

చూశాను. బ్యాంకు ఒప్పుకుంది. ఆ తెర ఫొటో పిల్లలిద్దరికీ పంపాను, ప్రింటు పిన్నిగారి ఫైల్లో పెట్టాను.

రేపు పటమట పెద్దాయన పని. పక్షవాతం వచ్చాక కుడికన్ను రెప్ప సరిగా వాలదు, ముఖం పడుతుందని నమ్మకం లేదు. పోస్ట్‌మాన్‌ని ఇంటికి రమ్మన్నాను, వేలిముద్రలు పడతాయేమో చూడాలి. అదీ కుదరకపోతే బ్యాంకు మనిషినే ఇంటికి పంపమని మేనేజర్‌గారిని అడగాలి. నెలాఖరు దాకా ఆగే పని కాదు.