పెన్న దాటాల్సిన అడవి

నంది కొండల్లో పుట్టిన చిత్రావతి అనంతపురం జిల్లా మీదుగా వచ్చి, పార్నపల్లె జలాశయం దాటి కడప జిల్లాలో అడుగుపెడుతుంది. సింహాద్రిపురానికి పడమటి దిక్కుగా సాగి, గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. ఈ దారంతా చీనీ తోటలు, శనగ చేలు. మధ్యమధ్య ఎవరూ దున్నని గుట్టలు, వంకల గట్లు. ఆ గుట్టల మీద రేగు, కలివి, తుమ్మ పొదలు ఇంకా ఉన్నాయి. కానీ ఒక గుట్టకూ మరో గుట్టకూ మధ్య తోట, కంచె, దారి. దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది కానీ, ఇది అడవి కాదు, అడవి తునకలు. ఆ తునకల్లో ఏం జరుగుతుందో చూడాలంటే నీటి వెంట దిగువకు, సిద్దవటం దాకా పోవాలి.

గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుని పోతుంది. ఆ లోయకు ఎగువన కట్టిన గండికోట జలాశయం దాదాపు 27 టీఎంసీల నీటిని పట్టగలదు. చిత్రావతి ఇప్పుడు కలిసేది పారే ఏటిలో కాదు, ఆ నిలువ నీటిలో. అక్కడి నుంచి మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. ఈ మైదానంలో పత్తి, వరి, నాపరాళ్ల గనులు. ఏటి ఒడ్డున సర్కారు తుమ్మ తప్ప పెద్దగా చెట్టు లేదు. ప్రొద్దుటూరు దాటాక కుందేరు, తర్వాత పాపాఘ్ని వచ్చి కలుస్తాయి. పుష్పగిరి, చెన్నూరు దాటేసరికి ఎదురుగా కొండలు దగ్గరపడతాయి. ఉత్తరాన లంకమల, దక్షిణాన పాలకొండలు. వాటి మధ్య పెన్న ఒడ్డున సిద్దవటం కోట.

ఇది మామూలు చోటు కాదు. ఉత్తరాన నల్లమల అడవి లంకమల దాకా దిగి వస్తుంది. దక్షిణాన శేషాచలం అడవి తిరుమల దాకా పోతుంది. ఈ రెండింటినీ కలిపే మార్గం పెన్న లోయను దాటి తీరాలి. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ గుర్తించిన పులుల కారిడార్లలో నాగార్జునసాగర్–శ్రీశైలం నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు దాకా ఉన్నది ఒకటి. చిక్కేమిటంటే, కొండలు దగ్గరపడిన చోటే మనిషికీ దారి దొరికింది. కడప–బద్వేలు రోడ్డు, కడప–రేణిగుంట రోడ్డు, రైలుమార్గం, సగిలేరు లోయలో సేద్యం, తెలుగుగంగ కాలువ, అన్నీ ఈ ఇరుకు ప్రాంతంలోనే సర్దుకున్నాయి. జంతువుకు కావాల్సిన దారి, మనిషి వేసుకున్న దారి ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకున్నాయి.

ఈ కోతను పులికంటే బాగా చెప్పగలిగేది ఒక చిన్న పక్షి. కలివికోడి. జానెడు కంటే కాస్త పొడవు. పగలు పొదల నీడన దాక్కుంటుంది, రాత్రి నేల మీద పరుగెడుతుంది. 1848లో జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరూ చూడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్దవటం–బద్వేలు ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అది కలివికోడేనని గుర్తించారు. రెండేళ్లకు, 1988లో, శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కలివికోడి దట్టమైన అడవిలో ఉండదు, బోడి మైదానంలోనూ ఉండదు. తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి దాని మీది పాదముద్రలు చదివి ఎక్కడ తిరుగుతోందో తెలుసుకున్నారు. తేలిందేమిటంటే, రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్న చోటే అది ఎక్కువగా కనబడుతుంది. పొద మరీ చిక్కబడితే పరుగెత్తే సందు ఉండదు. మరీ పలచబడితే దాక్కునే నీడ ఉండదు. చూసేవాళ్లకు ఇది పనికిరాని చిట్టడవి. రెవెన్యూ కాగితాల్లో బీడు భూమిగా నమోదైపోయే నేల. కానీ ఆ చిట్టడవికీ ఒక అంచు, ఒక లోపలి భాగం ఉన్నాయి. కలివికోడి లోపలి భాగానికి చెందిన జీవి.

అంచు అంటే అడవి ఆగిపోయే గీత మాత్రమే కాదు. ఆ గీత నుంచి కొంత దూరం లోపలికి అడవి స్వభావమే మారిపోతుంది. ఎండ, గాలి పక్కల నుంచి దూరి నేల తడి ఆరిపోతుంది. వయ్యారిభామ, సర్కారు తుమ్మ, లంటానా లాంటివి రోడ్డు పక్కన మొలిచి పొదల్లోకి పాకుతాయి. ఊరి కుక్కలు, పిల్లులు లోపలికి వస్తాయి. నేల మీద గుడ్లు పెట్టే పక్షికి కుక్కను మించిన గండం లేదు. రాత్రి తిరిగే జీవికి లైట్ల వెలుతురే కంచె అవుతుంది. కంప కొట్టేవాళ్ల అలికిడి అంచు దగ్గరే ఎక్కువ. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర 1979 నుంచి సాగుతున్న ప్రయోగంలో వానాడవి తునకల అంచుల్లో పెద్ద చెట్లు గాలికి విరిగి, ఎండి చనిపోవడం చూశారు. కడప చిట్టడవి ఆ అడవి కాదు. ఇక్కడ ఎండ ఎటూ ఉన్నదే. కాబట్టి ఇక్కడ అంచు చేసే చేటు ఎక్కువగా మనిషి వెంట వచ్చేది: కుక్క, వెలుతురు, నీరు, కలుపు.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు ఉన్న చిట్టడవి, అంటే 100 హెక్టార్లు, తీసుకోండి. అంచు ప్రభావం 100 మీటర్ల లోతు పోతుందనుకుందాం. నాలుగు వైపులా 100 మీటర్లు పోతే లోపల మిగిలేది 800 మీటర్ల చదరం. అంటే 64 హెక్టార్లు. ఇప్పుడు దాని నడుమ పది మీటర్ల రోడ్డు వేశారు. రోడ్డు తిన్న నేల ఒక్క హెక్టారే. కానీ అడవి రెండు ముక్కలైంది, రోడ్డుకు ఇరువైపులా కొత్త అంచు పుట్టింది. లోపలి భాగం 48 హెక్టార్లకు కాస్త లోపే. ఆ రోడ్డుకు అడ్డంగా అంతే వెడల్పున కాలువ తవ్వారు. నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కలో లోపలి భాగం తొమ్మిది హెక్టార్లు కూడా నిండదు. నాలుగూ కలిపి దాదాపు 35. పోయిన నేల చూస్తే రెండు హెక్టార్లు, పోయిన లోపలి భాగం చూస్తే 29. నిజమైన అడవిలో అంచు ఎక్కడా సరిగ్గా 100 మీటర్ల దగ్గర ఆగదు. కుక్కకు కిలోమీటరు ఒక లెక్క కాదు, ఎండకు పదిమీటర్లే ఎక్కువ కావచ్చు. లోతు ఎంతైనా లెక్క మాత్రం ఇటే మొగ్గుతుంది.

లంకమల దగ్గర ఈ లెక్క కాగితం మీద ఆగలేదు. శ్రీశైలం నీటిని మద్రాసుకు చేర్చే తెలుగుగంగ పథకంలో కాలువలు వెలుగోడు, బ్రహ్మంసాగర్ మీదుగా వచ్చి సోమశిల వైపు సాగాలి. 2005లో కాలువ పనుల యంత్రాలు కలివికోడి తిరిగే చిట్టడవిలోకి వచ్చాయి. పరిశోధకులు అది గమనించి అటవీశాఖకు చెప్పారు. పనులు ఆగాయి, విషయం సుప్రీంకోర్టు దాకా పోయి కాలువ దారి మారింది. పక్షి కోసం అదనంగా భూమి సేకరించడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఇది జరగాల్సిన పనే, జరిగింది. కానీ కాలువ తోసే అంచు తవ్విన గట్టు దగ్గర ఆగిపోదు. నీరు వచ్చిన చోటికి సేద్యం వస్తుంది. నిమ్మ, మామిడి తోట మొదలవుతుంది, కంచె పడుతుంది, మోటారు షెడ్డు వద్ద లైటు వెలుగుతుంది, కాపలా కుక్క వస్తుంది. అభయారణ్యం గీత కాగితం మీద కదలకపోయినా, లోపలి అడవి గీత ఏటేటా వెనక్కి జరుగుతుంది.

గొర్రెల కాపరులను ఇక్కడ తప్పు పట్టడం తేలిక. నేనా పని చెయ్యను. మేపుడు మరీ మితిమీరితే చిట్టడవి బోడిదవుతుంది, నిజమే. అసలు జీవాలు అడుగుపెట్టకపోతే పొదలు చిక్కబడి హెక్టారుకు వేలకు చేరతాయి. కలివికోడి పరుగెత్తే సందు పోతుంది. అది కోరే నేల తరాలుగా కాపరులూ జీవాలూ వంటచెరుకు ఏరుకునేవాళ్లూ కలిసి నిలబెట్టిన నేల కూడా. కాబట్టి కంచె వేసి అందరినీ వెళ్లగొట్టడం మందు కాదు. ఎన్ని జీవాలు, ఏ నెలలో, ఏ పక్క అన్నది ఊళ్లతో కూర్చుని తేల్చుకోవడం మందు.

మరి కారిడార్ మాట. మూడు కిలోమీటర్ల చేలు అడ్డం ఉన్నా పులి రాత్రికి దాటిపోతుంది. దానికి కావాల్సింది దాక్కునే సందు, చంపని దారి. పై లెక్కనే కారిడార్‌కు వేసి చూడండి. 200 మీటర్ల వెడల్పున్న అడవి పట్టీ ఎంత పొడవున్నా దానిలో లోపలి భాగం సున్నా. రెండు వైపుల అంచులూ నడిమధ్యలో కలిసిపోతాయి. పులికి అది దారి. కలివికోడికి అది ఇల్లు కాదు, దాటడానికి ధైర్యం చేసే చోటూ కాదు. పటంలో రెండు అడవుల మధ్య ఆకుపచ్చ గీత గీసి కారిడార్ ఉందనుకుంటే పెద్ద జంతువుల సంగతి ఏదోలా గడవవచ్చు, లోపలి జీవుల సంగతి మాత్రం అక్కడే తేలిపోతుంది.

రోడ్డుకు కొంత పరిష్కారం ఉంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ పులుల అడవి గుండా పోయే 44వ జాతీయ రహదారిని ఎత్తుగా లేపి కింద జంతువులకు దారులు వదిలారు. వాటిలో ఒకటి 750 మీటర్ల పొడవు. పులులు సహా చాలా జాతులు వాటి కింద నుంచి దాటడం కెమెరాలకు చిక్కింది. పెన్న లోయలో రోడ్లు వెడల్పు చేసేటప్పుడు, వంకల మీది కల్వర్టులను ఎత్తుగా, పొడవుగా కడితే ఆ వంకలే జంతువులకు దారులవుతాయి. కాలువ మీద అక్కడక్కడా మట్టి కప్పిన వెడల్పు వంతెనలు వేస్తే పడిపోయి చచ్చే జీవాలు తగ్గుతాయి. కాకపోతే ఇవన్నీ దాటడానికి సాయం. లోపలి భాగాన్ని తిరిగి తెచ్చేది ఒక్కటే: ముక్కల మధ్య వాడకం ఆగిన దారుల్ని మూసి, చిట్టడవిని మళ్లీ ఒక్కటి చేయడం.

లంకమలకు ఇప్పటికీ ఆ అవకాశం ఉంది. ఏళ్ల తరబడి జాడ లేదనుకున్న కలివికోడి కూత 2025 ఆగస్టులో కడప జిల్లాలో మళ్లీ రికార్డయింది. పొద్దు వాలాక ముక్కాలు గంటకు అటూఇటూగా, కొన్ని నిమిషాలు మాత్రమే అది కూస్తుంది. అందుకే పగటి సర్వేకు అది దొరకదు. వినబడలేదు కాబట్టి లేదని చెప్పడానికీ వీల్లేదు.

సిద్దవటం దాటి సగిలేరు, చెయ్యేరులను కలుపుకుని, కొండల సందు గుండా పెన్న సోమశిల జలాశయంలోకి చేరుతుంది. దాని ఒడ్డున ఏ కొత్త రోడ్డు, ఏ కొత్త కాలువ ప్రతిపాదన వచ్చినా, అనుమతి కాగితంలో అడిగే మొదటి ప్రశ్న ఎన్ని హెక్టార్ల అటవీ భూమి పోతుంది అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు పైన మనం చూసినట్లు రెండు హెక్టార్లని వస్తుంది, అందరికీ తృప్తిగా ఉంటుంది. దాని పక్కనే ఇంకో గడి పెట్టాలి: లోపలి అడవి ఎన్ని హెక్టార్లు తగ్గుతుంది? పటం, స్కేలు చేతిలో ఉన్న ఇంజనీరుకు ఆ లెక్క అరగంట పని. ఆ గడి నిండిన రోజున, 29 అన్న అంకె ముందు కూర్చుని సంతకం పెట్టేవాళ్లు దారి మార్చడం గురించి యంత్రాలు రాకముందే ఆలోచిస్తారు.