చున్నీ, బెల్టు, ఒక పేరా

మా చిన్నాయన కొడుకు ఆర్మూర్ శివార్లలో చిన్న పసుపు యూనిట్ నడుపుతాడు. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ము, గోళ అక్కడికి వస్తుంది. డ్రమ్ముల్లో పాలిష్ పట్టి, ఏరి, కొంత సరుకును పొడి కొట్టి ప్యాక్ చేస్తారు. ఈసారి బయటి దేశపు కొనుగోలుదారు ఒకరు తనిఖీకి ముందు ఉద్యోగుల హ్యాండ్‌బుక్ చూపించమన్నారు. తమ్ముడు ఒక ఐటీ ఆఫీసు నమూనా సంపాదించి, తెలుగులో రాయించి, నాకు వాట్సాప్‌లో పంపాడు. నేను న్యూజెర్సీలో ఒక గోదాముల కంపెనీ హెచ్ఆర్‌లో పనిచేస్తాను. ఇలాంటి కాగితాలు రాయడం, దిద్దడం నా రోజువారీ పని. జీతం, సెలవులు, పీఎఫ్ పేజీలు బాగానే ఉన్నాయి. దుస్తుల పేరా దగ్గర ఆగిపోయాను.

అందులో ఇలా ఉంది: "ఉద్యోగులు మర్యాదగా, మన సంప్రదాయానికి తగినట్లు దుస్తులు ధరించవలెను. స్త్రీలు చీర లేదా చున్నీతో కూడిన పంజాబీ డ్రెస్ మాత్రమే ధరించవలెను. బిగుతైన దుస్తులు నిషేధం. పురుషులు గడ్డం గీసుకొని రావలెను. మత చిహ్నాలు కనిపించరాదు. ఎల్లప్పుడూ శుభ్రంగా కనిపించవలెను. పాటించని వారిని సూపర్‌వైజర్ నిర్ణయం మేరకు ఇంటికి పంపబడును."

ఇది చదవగానే నా కళ్ల ముందు పాలిష్ డ్రమ్ము కనిపించింది. జాలీ గోడలున్న పెద్ద ఇనుప పీపా అది. మోటారు, కప్పీ, బెల్టు దాన్ని తిప్పుతాయి. తిరిగే బెల్టుకు, కప్పీకి మధ్య చున్నీ కొస చిక్కితే మనిషి చెయ్యెత్తి అరిచేలోపే మెడ దాకా లాక్కుపోతుంది. ఆ షెడ్డులో పనిచేసే ఆడపిల్లకు చున్నీ తప్పనిసరి చేసి, బిగుతు బట్టలు వద్దన్నది ఈ పేరా. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ దీనికి సరిగ్గా ఎదురుగా ఉండేది. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించడం, నూనె వేయడం లాంటి పనులు శిక్షణ పొందినవాళ్లే, ఒంటికి అతుక్కున్న బిగుతు దుస్తుల్లోనే చేయాలని, ఆ దుస్తులు ఫ్యాక్టరీ నడిపేవాళ్లే ఇవ్వాలని అది చెప్పింది. ఆ పనిని చట్టం పెద్దవయసు మగ కార్మికులకే అప్పగించింది. కానీ బెల్టు పక్క నుంచి బుట్ట మోసుకుంటూ నడిచేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. మర్యాద పేరుతో రాసిన వాక్యం వాళ్ల ప్రాణానికే ముప్పు తెచ్చేలా ఉంది.

అందుకే తమ్ముడితో ఒకటే అన్నాను: "ప్రతి వాక్యం పక్కన అది ఏ ప్రమాదాన్ని ఆపుతుందో రాయి. ఏమీ రాయలేకపోతే ఆ వాక్యం కొట్టెయ్." తమ్ముడు కాసేపు ఆలోచించి, "అక్కా, మర్యాద అన్నది కూడా కొట్టెయ్యాల్నా? ఊర్ల ఏమనుకుంటరు?" అన్నాడు. పేరాను ఇద్దరు సూపర్‌వైజర్లకు విడివిడిగా ఇచ్చి, పనికి వచ్చే పది మంది దుస్తుల్లో ఎవరివి సరైనవో, ఎవరివి కావో రాసివ్వమని అడగమన్నాను. ఇద్దరి జవాబులూ కలవకపోతే వాక్యంలో స్పష్టత లేనట్టే. హ్యాండ్‌బుక్ పనిలో నేను ఎక్కువగా నమ్మే పరీక్ష ఇది. లెగ్గింగ్స్ వేసుకున్న అమ్మాయి ఒకరికి తప్పుగా, ఇంకొకరికి ఒప్పుగా కనిపించింది. లుంగీ మీద వచ్చిన హమాలీ విషయంలోనూ అంతే. మర్యాద అన్న మాట కాగితం మీద ఉన్నంతకాలం ఆ రోజు డ్యూటీలో ఉన్న సూపర్‌వైజర్ అభిరుచే రూలు అవుతుంది.

అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసులోనూ ఇలాంటి తికమకే ఉంది. 2008లో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో సమంతా ఎలాఫ్ అనే అమ్మాయి తలకు స్కార్ఫ్ కట్టుకుని అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ బట్టల దుకాణంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లింది. ఇంటర్వ్యూలో ఆమె అర్హురాలే అని తేలింది. ఆ కంపెనీ దుస్తుల నియమం టోపీలు వద్దంది, కానీ టోపీ అంటే ఏమిటో ఎక్కడా చెప్పలేదు. స్కార్ఫ్ కూడా దాని కిందికే వస్తుందని పై మేనేజరు తేల్చడంతో ఉద్యోగం రాలేదు. 2015 జూన్ 1న కోర్టు ఆమె వైపు నిలిచింది. మతపరమైన అవసరానికి వెసులుబాటు ఇవ్వాల్సి వస్తుందన్న ఉద్దేశంతో ఉద్యోగం నిరాకరిస్తే, ఆ అభ్యర్థి నోరు తెరిచి అడగకపోయినా అది వివక్షేనంది. నేను ఏ దుస్తుల నియమం దిద్దినా ముందు ఈ తీర్పునే గుర్తుచేసుకుంటాను.

ఆర్మూర్‌లో ఈ కాగితం పట్టించుకోవాల్సిన విషయాలు వేరు. పొడి గదిలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు శుభ్రమైన రక్షణ దుస్తులు, తలకు కప్పు అడుగుతాయి. ఊడి ఆహారంలో పడేవేవీ ఒంటి మీద ఉండకూడదంటాయి. దాన్ని మన మనుషులకు అన్వయిస్తే స్టిక్కర్ బొట్టు ఊడి పొడిలో పడుతుంది. గాజులు పగిలితే ముక్క దొరకదు, అయస్కాంతానికీ అంటదు. కొంగుకు పెట్టే పిన్ను, జడలో పూలు, చేతి గడియారం కూడా ఊడి పడేవే. పుస్తెలతాడు సంగతి వేరు, మెడ మూసిన అంగీ లోపల ఉంటే అది దేనికీ అడ్డు కాదు. మత చిహ్నాలు కనిపించరాదన్న వాక్యం బొట్టునూ పుస్తెలనూ రుద్రాక్షనూ హిజాబ్‌నూ ఒకే గాటన కట్టింది. మతాన్ని పక్కన పెట్టి ఊడేది, వేలాడేది, పగిలేది అని చూస్తే ఆ వాక్యం అక్కర్లేకుండా పోయింది. ఏ మతం వాళ్లనూ వేలెత్తి చూపాల్సిన అవసరమూ పోయింది.

కొత్త పేరా ముసాయిదా మీద కార్మికులతో చర్చంతా వీడియో కాల్‌లో జరిగింది. చాలామంది కాగితం చదవలేరు కాబట్టి తమ్ముడు గట్టిగా చదివి వినిపించాడు. "వదులు దుస్తులు వద్దు" అన్న వాక్యం దగ్గర ఒక పెద్దామె లేచింది. "కొంగు తీసెయ్యమంటున్నవా బిడ్డా, లోపల చెక్కుకొమ్మంటున్నవా?" అని అడిగింది. ఆ ప్రశ్నతోనే వాక్యం మారింది. చీర కట్టుకోవచ్చు, దాని మీద నడుము దగ్గర బిగించే కోటు వేసుకుని కొంగు లోపలికి దోపాలి అని రాశాం. బెల్టులున్న షెడ్డులోకి మాత్రం కుచ్చిళ్లు కూడా ప్రమాదమే కనుక అక్కడ ప్యాంటు, పొట్టి అంగీ తప్పవు. అవి వేసుకోలేనివారికి ఏరే చోట అదే కూలికి పని ఇవ్వాలని నేను పట్టుబట్టాను. తలకు కట్టుకునే హిజాబ్, తలపాగా, రుమాలు దేనికైనా ఒకటే షరతు, కొసలు కోటు లోపల ఉండాలి. పైన వేసుకొచ్చే బురఖా మార్చుకునే గదిలో విప్పి, పొడవాటి చేతులున్న కోటు తొడుక్కోవచ్చు.

గడ్డం విషయం కష్టమైంది. పసుపు సీజన్ మధ్యలో హనుమాన్ దీక్ష వస్తుంది. మాల వేసుకున్నవాళ్లు కాషాయం కడతారు, గడ్డం గీయరు, చెప్పులు వేయరు, చైత్ర పౌర్ణమికి కొండగట్టు వెళతారు. మన ముస్లిం కార్మికుల్లో గడ్డం పెంచేవాళ్లున్నారు. గడ్డానికి అందం లెక్కన అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ పొడి మిల్లు దగ్గర ధూళికి ముఖానికి అతుక్కునే మాస్కు కావాలి. దాని అంచు కింద వెంట్రుకలుంటే సందుల్లోంచి ధూళి లోపలికి పోతుంది. అమెరికాలో ఓఎస్‌హెచ్‌ఏ నిబంధన కూడా ఆ అంచు కిందికి వెంట్రుకలు రాకూడదనే అంటుంది. అంటే గడ్డం నియమం ఒక్క మిల్లు గదికే, అదీ ఆ మాస్కు వేసుకునే పనికే. మిగతా చోట గడ్డం ఊసే అక్కర్లేదు. ప్యాకింగ్‌లో వెంట్రుకలు రాలకుండా గడ్డానికి వల తొడిగితే చాలు. చెప్పుల దగ్గర మాత్రం వెసులుబాటు ఇవ్వలేదు. షెడ్డులో బస్తా కాలి మీద పడితే దీక్షలో ఉన్న కాలికీ అదే దెబ్బ. దీక్ష రోజుల్లో బూట్లు అక్కర్లేని పనికి మారే అవకాశం అడిగితే ఇస్తారని రాశాం.

"శుభ్రంగా కనిపించవలెను" అన్నది పసుపు పనిలో అన్యాయం. డ్రమ్ము పక్కన గంట నిలబడితే బట్ట పచ్చబడుతుంది, ఎంత ఉతికినా ఆ రంగు పూర్తిగా పోదు. మరకకూ మురికికీ తేడా కాగితం చెప్పాలి. ఉతికిన కోటుతో షిఫ్టు మొదలైతే చాలు. మొదట తమ్ముడు తెల్లకోట్లు కుట్టిద్దామన్నాడు. మరక కనిపించిన ప్రతిసారీ మాట పడాల్సింది కూలివాళ్లే కాబట్టి వద్దన్నాను.

చివరికి పేరా ఇలా తేలింది:

"మీకు నచ్చిన దుస్తుల్లో పనికి రండి. కింది నియమాలు భద్రత కోసం, ఆహార శుభ్రత కోసం మాత్రమే. అవి ఆడవాళ్లకు, మగవాళ్లకు, అన్ని మతాలవారికి ఒకటే. బెల్టులున్న షెడ్డులో: వేలాడే బట్ట, చున్నీ, దండ ఉండకూడదు. ప్యాంటు, బిగుతు అంగీ, బూట్లు యూనిట్ ఇస్తుంది. పొడి, ప్యాకింగ్ గదుల్లో: ఉతికిన కోటు, తలకప్పు వేసుకోవాలి. గాజులు, ఉంగరాలు, గడియారం, పిన్నులు, పూలు, స్టిక్కర్ బొట్టు గది బయట తీసి తాళమున్న పెట్టెలో పెట్టుకోవాలి. పుస్తెలతాడు, మాల, తాయెత్తు కోటు లోపల ఉండవచ్చు. చీర కొంగు, తలకు కట్టుకునే వస్త్రం కొసలు కోటు లోపలికి దోపాలి. మిల్లు దగ్గర ముఖానికి అతికే మాస్కు వేసుకోవాలి, దాని అంచు కింద వెంట్రుకలు ఉండకూడదు. పసుపు మరక తప్పు కాదు. నమ్మకం, ఆరోగ్యం, గర్భం వల్ల ఏ నియమమైనా కష్టమైతే చెప్పండి. రెండు రోజుల్లో కూలి తగ్గకుండా వేరే ఏర్పాటు చెబుతాం. దుస్తుల్లో లోపం కనిపిస్తే మీ ఒక్కరికే పక్కకు పిలిచి చెబుతాం, వేరే కోటు ఇస్తాం, దానికి కూలి కోయం."

ఇది పాత పేరా కంటే పొడవు, కానీ విన్నవాళ్లెవరూ అర్థం మళ్లీ అడగలేదు. చేతి నుంచి రాని కడియాలున్న ముసలి లంబాడీ ఆమె ఒక్కతే "నా సంగతేంది?" అంది. ఆమె ఎప్పటిలాగే ఏరే చోటే పని చేస్తుంది. అక్కడ ఆ నియమం లేదని చెప్పాం.

ఒక్క పని మిగిలింది. నగలు తీసిపెట్టుకోమంటున్నాం, బురఖా విప్పమంటున్నాం, బట్టలు మార్చుకోమంటున్నాం, కానీ ఆడవాళ్లకు మార్చుకునే గది లేదు, పాత సామాను కొట్టం ఉంది. దాన్ని ఖాళీ చేసి, లోపలి గడియ, తాళమున్న పెట్టెలు పెట్టించేదాకా ఈ పేరా గోడకు అతికించవద్దని తమ్ముడికి చెప్పాను. ఊళ్లో యూనిట్లు, దుకాణాలు, బడులు నడిపే బంధువులున్న ప్రవాసులకు ఇదే నా మనవి: మీరు పనిచేసే కంపెనీ దుస్తుల నియమాన్ని వాళ్లకు ఫార్వర్డ్ చేయకండి. ముందు ఆ షెడ్డులో ఏ యంత్రం ఎక్కడ తిరుగుతుందో, మార్చుకోవడానికి గది ఉందో లేదో అడగండి.