ఒంటికి పడదా, లెక్క కుదరలేదా?

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు వెళ్ళే బస్సు నల్లమల మలుపులు ఎక్కుతుంటే ఎవరికి కడుపులో తిప్పుతుందో మా వైపు వాళ్ళు ముందే చెప్పేస్తారు. వెనక సీట్లో తల వంచుకుని ఫోన్ చూసేవాళ్ళకి. డ్రైవర్‌కి మాత్రం ఎన్ని మలుపులు తిరిగినా ఏమీ కాదు. చెవి లోపల ఉండే తూకపు అవయవం 'కదులుతున్నాం' అంటుంది, ఫోన్ మీదున్న కళ్ళు 'కదలడం లేదు' అంటాయి. రెండు సాక్ష్యాలూ కలవకపోతే కడుపు తిరగబడుతుంది. 1975లో జేమ్స్ రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు 'మోషన్ సిక్‌నెస్' పుస్తకంలో వివరంగా రాసిన సిద్ధాంతం ఇంచుమించు ఇదే. డ్రైవర్ మలుపుని ముందే చూస్తాడు, తనే తిప్పుతాడు, కాబట్టి అతని విషయంలో సాక్ష్యాలు కలుస్తాయి.

వీఆర్ హెడ్‌సెట్‌లో ఇదే గొడవ తిరగేసి జరుగుతుంది. కళ్ళు 'పరిగెడుతున్నాం' అంటాయి, చెవి 'నిలబడే ఉన్నాం' అంటుంది.

మా పిన్ని కూతురు డిగ్రీ చదువుతోంది. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకుని, రోలర్‌కోస్టర్ ఎక్కి, అయిదు నిమిషాల్లో కుర్చీలో కూలబడింది. అప్పట్నుంచీ "నా ఒంటికి ఇది పడదన్నా" అనేది ఆమె తీర్పు. ఎండాకాలం సెలవులకి అర్ధవీడు ఇంటికి నా ల్యాప్‌టాప్, క్వెస్ట్ 2 హెడ్‌సెట్ తీసుకెళ్ళినప్పుడు కూడా ఆమె వాటిని ముట్టుకోలేదు. పడకపోవడానికి కారణాలు రెండు రకాలు. ఒకటి యంత్రం తప్పు: బొమ్మ ఆలస్యంగా రావడం, వణకడం. రెండోది ఆట తీరు: మనం నిలబడి ఉండగా లోకాన్ని కదిలించడం. మొదటిది సరిచెయ్యకుండా రెండోదాని గురించి తీర్పు చెప్పలేం. ఆ మాల్‌లో ఆమెకి పడనిది ఏదో ఎవరికీ తెలియదు. అందుకే మా ఇంట్లో వరసగా చూశాం.

ముందు చోటు. స్టీమ్‌వీఆర్ గదంతా తిరిగే ఆటలకి కనీసం 2 మీటర్లు, 1.5 మీటర్ల ఖాళీ అడుగుతుంది. మా హాల్లో నాపబండలు రెండడుగుల చదరాలు. అటు నాలుగు, ఇటు నాలుగు బండలు ఖాళీ చేస్తే 2.4 మీటర్ల చదరం వచ్చింది. అయితే నేల మాత్రమే కొలిస్తే చాలదు. చేతిలో కంట్రోలర్ పట్టుకుని పైకెత్తితే ఎంతవరకు అందుతుందో చూడాలి. పాత ఇళ్ళలో సీలింగ్ ఫ్యాన్ అంత ఎత్తులో ఉండదు. అందుకని ఫ్యాన్ కింది భాగాన్ని వదిలేసి గీత గీశాను.

ఈ హెడ్‌సెట్‌కి గదిలో వేరే సెన్సార్లు పెట్టక్కర్లేదు. ముందు భాగంలో ఉన్న నాలుగు కెమెరాలు గదిలోని అంచుల్ని, మూలల్ని, మచ్చల్ని గుర్తుపెట్టుకుని వాటిని బట్టి తల ఎక్కడుందో లెక్క కడతాయి. ఇక్కడే సున్నం వేసిన తెల్ల గోడ అడ్డొస్తుంది. దాని మీద కెమెరా పట్టుకోడానికి ఏ గుర్తూ ఉండదు. మేం ఆ గోడకి రెండు క్యాలెండర్లు, ఒక పూల దుప్పటి తగిలించాం. ఇంకో వైపు బీరువా అద్దం ఉంది. అద్దంలో కనిపించే గది కూడా నిజం గదే అనుకుని లెక్క తప్పుతుంది కాబట్టి దాని మీద పాత చీర కప్పాం. పెద్దమ్మ వచ్చి చూసి "ఏందిరా, ఇంట్లో పెళ్ళా?" అంది.

వెలుతురు సంగతి కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని వల్ల ట్యూబులైట్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. మన కంటికి తెలియదు కానీ కెమెరాకి తెలుస్తుంది. హెడ్‌సెట్ సెట్టింగుల్లో Tracking Frequency దగ్గర 50 హెర్ట్జ్ పెడితే ఆ మినుకుతో కెమెరా సర్దుకుంటుంది. కిటికీ ఎండ మాత్రం కెమెరా కంటే లెన్సులకి ప్రమాదం. అవి భూతద్దాల్లా ఎండని లోపలి తెర మీదకి పోగేసి మాడ్చేస్తాయి. పక్కన పెట్టేటప్పుడు లెన్సులు ఎండవైపు లేకుండా చూసుకోవాలి.

చోటు సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే పరీక్ష చిన్నది. ఆటలోకి వెళ్ళకుండా స్టీమ్‌వీఆర్ హోమ్‌లో నిలబడి ఏదో ఒక బల్ల అంచుని చూస్తూ తల నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి. బల్ల నేలకి అతుక్కున్నట్టు ఉండాలి. కొద్దిగా ఈదినట్టు, ఉన్నట్టుండి జరిగినట్టు అనిపిస్తే చోటూ వెలుతురూ మళ్ళీ చూడాలి.

ఆ తర్వాత కాలం లెక్క. తెర సెకనుకి 90 సార్లు మారితే ఒక్కో బొమ్మ గీయడానికి ల్యాప్‌టాప్‌కి 11.1 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 120 హెర్ట్జ్‌లో 8.3 మాత్రమే. 72 హెర్ట్జ్‌లో 13.9. హెర్ట్జ్ పెరిగితే కదలిక నున్నగా ఉంటుంది, నిజమే, కానీ గడువులోపల గీయగలిగితేనే. గడువు దాటితే సాఫ్ట్‌వేర్ ఆటని సగానికి, అంటే 90 నుంచి 45కి, తగ్గించి, మధ్యలో లేని బొమ్మల్ని ఊహించి పెడుతుంది. అలా ఊహించిన బొమ్మని గుర్తుపట్టొచ్చు: చెయ్యి వేగంగా ఊపితే దాని అంచు చుట్టూ గాలి నీళ్ళలా అలలు పోతుంది. అందుకే కిందామీదా పడి సాగే 120 కంటే తడబడకుండా సాగే 72 కడుపుకి మేలు.

సూపర్‌శాంప్లింగ్ కూడా ఈ ఖాతాలోదే. తెరకి ఉన్నదానికంటే ఎక్కువ పిక్సెళ్ళు గీసి, తర్వాత కుదించి చూపించడం. లెన్సు బొమ్మని వంచుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ముందే దాన్ని ఎదురు వంచి పంపుతుంది. ఆ వంపులో మధ్య భాగం సాగుతుంది. అది మసకబారకుండా ఉండడానికి స్టీమ్‌వీఆర్‌లో 100 శాతం అంటేనే తెరకంటే ఎక్కువ. క్వెస్ట్ 2 తెర ఒక్కో కంటికి 1832×1920 అయినా గీసే బొమ్మ అంతకంటే పెద్దది. కాబట్టి 100 దగ్గర ఉన్నవాళ్ళు కూడా ఇప్పటికే తెరకంటే ఎక్కువ పిక్సెళ్ళు గీస్తున్నట్టే.

మా లెక్క ఇలా నడిచింది. కొలతకి స్కైరిమ్ వీఆర్ తీసుకున్నాను, అందులో డైనమిక్ రిజల్యూషన్ ఆపేసి. హాఫ్-లైఫ్: అలిక్స్ భారాన్ని బట్టి తన రిజల్యూషన్‌ని తనే తగ్గించుకుంటుంది కాబట్టి దాంట్లో అసలు సంగతి బయటపడదు. 90 హెర్ట్జ్, 100 శాతం దగ్గర స్టీమ్‌వీఆర్ ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫు అడవిలో 12.5 మిల్లీసెకన్లు చూపించింది. గడువు 11.1. Resolution Per Eye శాతం మొత్తం పిక్సెళ్ళ లెక్క, ఒక్క పక్క పొడవు లెక్క కాదు. 80కి తగ్గిస్తే ఒక్కో పక్క తగ్గేది దాదాపు 11 శాతమే, అంటే మసక పెద్దగా తెలియదు. కాలం మాత్రం, అంతా పిక్సెళ్ళ భారమే అనుకుంటే, 12.5లో 80 శాతం, 10 మిల్లీసెకన్లకి రావాలి. కొంత పని పిక్సెళ్ళతో సంబంధం లేనిది కాబట్టి 10.3 దగ్గర ఆగింది. గడువులోపలే ఉంది, కానీ మిగులు తక్కువ. రాక్షసులు నలుగురు ఒకేసారి వస్తే దాటుతుంది. అందుకని ఆమె కోసం 80 హెర్ట్జ్‌కి దించాను. గడువు 12.5 అయింది, రెండు మిల్లీసెకన్ల ఊపిరి దొరికింది.

ఊళ్ళో ఇంకో చిక్కుంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆగదు, బ్యాటరీ మీద నడుస్తుంది. కానీ బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకి అందే విద్యుత్తు బాగా తగ్గిపోతుంది. అప్పటిదాకా 10 ఉన్న అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది, లోకం కుదుపుతుంది. హెడ్‌సెట్ లోపలున్నవాళ్ళకి లైటు పోయినట్టు తెలియదు, తల తిరుగుతోందని మాత్రమే తెలుస్తుంది. మా ఇంట్లో నియమం: కరెంటు పోతే బయటున్నవాళ్ళు అరవాలి, లోపలున్నవాళ్ళు కళ్ళు మూసుకుని హెడ్‌సెట్ తీసెయ్యాలి.

ఇంత అయ్యాకే ఆమెకి ఇచ్చాను. ముందు లెన్సుల దూరం మార్చాం. క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడు స్థానాలే ఉంటాయి, నాకు సరిపోయింది ఆమెకి సరిపోదు. స్టీమ్‌వీఆర్ హోమ్‌లో పది నిమిషాలు తన కాళ్ళతోనే నడిచింది, వంగింది, వెనక్కి తిరిగింది. ఏమీ కాలేదు. అంటే ఆమె ఒంటికి హెడ్‌సెట్ పడకపోవడం అనేది లేదు.

అలిక్స్‌లో నడవడానికి నాలుగు దారులున్నాయి: Blink, Shift, Continuous, Continuous Hand. బ్లింక్‌లో చూపించిన చోటికి రెప్పపాటులో చేరిపోతాం, దారి కనబడదు. కంటికి ప్రయాణమే లేకపోతే చెవికి అబద్ధం అనడానికి ఏమీ దొరకదు. కంటిన్యువస్‌లో కర్ర నొక్కితే నేల మన కింద జారుతుంది. చెవి పసిగట్టేది సమాన వేగాన్ని కాదు, వేగంలో మార్పుని, తిరగడాన్ని. అందుకే బయల్దేరడం, ఆగడం, అన్నిటికంటే మెల్లగా గుండ్రంగా తిరగడం ఎక్కువ బాధపెడతాయి. తిరగడానికి 45 డిగ్రీలు ఒక్కసారిగా గెంతే పద్ధతి మొరటుగా కనిపించినా సుఖం. చాలా ఆటల్లో కదిలేటప్పుడు చూపు అంచుల్ని నల్లగా మూసేసే సదుపాయం ఉంటుంది. మనం కదులుతున్నామనే భ్రమ ఎక్కువగా పుట్టేది ఆ అంచుల నుంచే.

మొదటి మూడు రోజులు బ్లింక్, గెంతు మలుపు, పది నిమిషాలు. ఒకవైపు టేబుల్ ఫ్యాన్ పెట్టాం. మొహానికి గాలి తగిలితే హాయి, పైగా అసలు గది ఏ దిక్కున ఉందో ఒంటికి గుర్తుంటుంది. నాలుగో రోజు కంటిన్యువస్. ఏడో నిమిషంలో ఆవులింతలు మొదలయ్యాయి, నోట్లో నీళ్ళూరాయి. వికారం ఇంకా రాలేదు, కానీ అవే ముందస్తు గుర్తులు. తీసేసింది. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుంది అనేది తప్పు సలహా. ఓర్చుకుంటే ఒంటికి అలవాటయ్యేది వికారమే, తర్వాత హెడ్‌సెట్ ఫోమ్ వాసనకే తిప్పుతుంది. పూర్తిగా తగ్గేదాకా ఆగాలి, వెంటనే బండి నడపకూడదు. మర్నాడు మళ్ళీ ఏడు నిమిషాలు. పది రోజులకి ఇరవై అయ్యాయి.

మెల్లగా గుండ్రంగా తిరిగే మలుపు మాత్రం ఇప్పటికీ ఆమెకి పడదు. రెండుసార్లు చూసి వదిలేసింది. రోలర్‌కోస్టర్ జోలికి వెళ్ళనని కూడా చెప్పింది. "పడదు అంటే మొత్తం పడదనుకున్నా. ఒక్క మలుపేగా" అంది, కంట్రోలర్‌కి బ్యాటరీ మార్చుకుంటూ.