చివరి వరుస చదివిన కళ్ళు

హైదరాబాద్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో, కంటి నరాల జబ్బులు చూసే విభాగంలో ఒక పూట కూర్చున్నాను. నేనున్నప్పుడు లోపలికి వచ్చిన అమ్మాయికి 26 ఏళ్ళు. నేను పక్కన కూర్చోవడానికి ఒప్పుకుంది. నెలల తరబడి తలనొప్పి, మధ్యమధ్య మసక. మైగ్రేన్ మాత్రలు వాడింది, అద్దాలూ మార్చింది. గోడ మీది అక్షరాల బోర్డు చివరి వరుసదాకా తడుముకోకుండా చదివేసింది. చాలాచోట్ల పరీక్ష అక్కడితోనే ముగుస్తుంది.

డాక్టరమ్మ ఆపలేదు. "వంగి లేచినప్పుడు ఏమవుతుందమ్మా?"

"ముగ్గు వేసి లేస్తే కరెంటు పోయినట్టుంటుంది మేడమ్. క్షణాల్లో మళ్ళీ కనిపిస్తుంది."

"చెవిలో ఏమైనా చప్పుడు?"

"రాత్రిళ్ళు హోరు. గుండె కొట్టుకునే లయలోనే వినిపిస్తుంది."

ఈమధ్య బరువు పెరిగిందా, మొటిమలకు మాత్రలేమైనా వాడిందా అనీ అడిగారు. ఆవిడ అనుమానం మెదడు చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి పెరిగే జబ్బు మీద. కొన్ని రకాల మొటిమల మందులు, విటమిన్-ఎ మోతాదు మించడం కూడా దానికి దారితీయవచ్చు. ఆమె మందులేవీ వాడలేదు, కానీ ఏడాదిలో 9 కిలోలు పెరిగి 82కు చేరింది.

చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక తీసిన ఫొటోను తెర మీద నాకూ చూపించారు. కంటి నరం మొదలు అంచు స్పష్టంగా ఉండాలి. ఇక్కడ ఉబ్బి, అంచు చెరిగిపోయి, దాని మీదుగా వెళ్ళే రక్తనాళాలు అక్కడక్కడ వాపులో మునిగిపోయాయి. మెదడు చుట్టూ ఉండే ద్రవమే కంటి నరం తొడుగులోనూ ఉంటుంది. దాని ఒత్తిడి పెరిగితే నరం వాస్తుంది.

తర్వాత ఫీల్డ్ పరీక్ష. గిన్నెలాంటి తెల్లటి యంత్రంలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, నడిమి దీపాన్నే చూస్తూ, పక్కన చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కింది. కాగితం మీద ముక్కు వైపు కింది భాగం నల్లగా వచ్చింది. ఈ జబ్బు చూపును ముందు అంచుల నుంచి తినేస్తుంది, నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. అక్షరాల బోర్డును నమ్ముకుంటే మోసపోయేది అందుకే. ఈ సంగతి మన ఊళ్ళలో అద్దాలిచ్చే ప్రతి చోటా తెలియాలని నా కోరిక.

వాపు కనిపించిన రోజే స్కానింగ్‌కు పంపారు. మెదడులో గడ్డ లేదు, సిరల్లో రక్తం గడ్డకట్టలేదు. ఆ రెండూ లేవని తేలాకే వెన్ను నుంచి నీరు తీశారట. పక్కకు పడుకోబెట్టి కొలిస్తే ఒత్తిడి 34 సెంటీమీటర్లు. పెద్దవాళ్ళలో 25 దాటితే ఎక్కువ కిందే లెక్క.

ఆ ఫలితాలతో ఆమె మళ్ళీ వచ్చిన రోజు నేనూ వెళ్ళాను. ద్రవం ఊరడాన్ని తగ్గించే అసిటజోలమైడ్ రాశారు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, భయపడి సొంతంగా ఆపొద్దన్నారు. మాత్ర ఒక్కటే చాలదు, బరువు తగ్గాలి. ఇవి చేస్తున్నా ఫీల్డ్ త్వరత్వరగా పడిపోతుంటే ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి వస్తుంది.

"తలనొప్పి తగ్గిపోతే ఇక రానక్కర్లేదా మేడమ్?"

"తగ్గినా రావాలమ్మా. నొప్పి తగ్గినంత మాత్రాన వాపు పోయినట్టు కాదు. అది నేను చూడాల్సిందే" అంటూ చీటీ మీద మళ్ళీ ఫీల్డ్ పరీక్షకు తేదీ వేశారు.