కాఫీ అన్నకు కృతజ్ఞతలు

పెద్ద మాల్‌లలో కాఫీ కలిపే వాళ్ళను బరిస్టా అంటారట. మా యలహంక ఓల్డ్ టౌన్‌లో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. మా వీధి చివర దర్శినిలో కాఫీ కౌంటర్ దగ్గర నిలబడే ఆయన్ని అందరూ ‘కాఫీ అన్న’ అనే పిలుస్తారు. పోయిన సంవత్సరం ఆయన మా ఇంటికి చేసిన మేలు గురించి రాస్తున్నాను.

దర్శిని అంటే కుర్చీలు లేని హోటల్. నిలబడి తిని, తాగి వెళ్ళిపోవాలి. ముందు డబ్బులు కట్టి టోకెన్ తీసుకొని కౌంటర్‌లో ఇవ్వాలి. ఆ టోకెన్ మీద ‘కాఫీ’ అని మాత్రమే ఉంటుంది. స్ట్రాంగా, లైటా, చక్కెర వేయాలా వద్దా అన్నది ఎక్కడా ఉండదు. అదంతా కలిపే మనిషి తలలోనే ఉండాలి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా జనం ఒకరి మీద ఒకరు పడుతుంటారు. అందులో కూడా మా తాత గేటు దాటేసరికే అన్న రెండు గ్లాసులు తీసి పెట్టేవారు.

రెండు ఎందుకంటే తాత, అవ్వ రోజూ తాగేది ‘బై టూ’. ఒక టోకెన్, రెండు గ్లాసులు, చెరి సగం. బెంగళూరులో ఇది మామూలే. డికాక్షన్ ఎక్కువ, చక్కెర లేదు, నోరు కాలేంత వేడి. తాతకు షుగర్ ఉంది కాబట్టి అవ్వ కూడా చక్కెర మానేసింది.

ఆషాఢంలో అవ్వ చనిపోయింది. కర్మలన్నీ అయ్యాక చాలా రోజులు తాత ఇల్లు కదల్లేదు. ఒక పొద్దున తనే చెప్పులు వేసుకున్నాడు. అమ్మ నన్ను తోడు పంపింది. తాత ఏమీ చెప్పకుండా టోకెన్ ఇచ్చాడు. ఇప్పుడు అన్న ఒక గ్లాసే పెడతాడేమో, అది చూసి తాత ఏమవుతాడో అని నాకు గుబులు పట్టుకుంది. ఆయన ఎప్పటిలాగే రెండు పెట్టారు. చెరి సగం పోశారు. ఒకటి తాతకు ఇచ్చి, రెండోది ఏమీ అనకుండా నా వైపు జరిపారు. నేను తాగాను. చాలా చేదుగా ఉంది! తాత నా మొహం చూసి, అవ్వ పోయాక మొదటిసారి కొంచెం నవ్వాడు. ఆ రోజు నుంచి రెండో గ్లాసు నాది.

కార్తీకంలో తాత బాత్‌రూమ్‌లో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, మూడు నెలలు దాదాపు మంచం మీదే. అన్నం రెండు ముద్దలు తిని వద్దనేవాడు. కాఫీ మాత్రం అడిగేవాడు. నేను ఫ్లాస్కు తీసుకొని వెళ్ళాను. అన్న అందులో కాఫీ పోయలేదు. “కలిపి తీసుకుపోతే అరగంటకే రుచి పోతుంది” అని పాలు మాత్రం ఫ్లాస్కులో పోసి, డికాక్షన్ చిన్న స్టీలు డబ్బాలో వేరుగా ఇచ్చారు. డికాక్షన్‌ను పొయ్యి మీద పెట్టి మరిగించకూడదట, చేదెక్కుతుందట. వేడి నీళ్ళ గిన్నెలో డబ్బాను కాసేపు ఉంచితే చాలన్నారు. రోజూ ఇచ్చేది మొదటి డికాక్షనే. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే రెండోది పలచగా ఉంటుంది.

సంక్రాంతి సెలవులకు ఆయన ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. అందుకని ఇంట్లోనే ఎలా దించాలో నాకు నేర్పారు. ఫిల్టర్ పై గిన్నెలో నాలుగు చెంచాల పొడి వేసి, చిల్లుల బిళ్ళతో మెల్లగా అదమాలి. మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టి, పావుగంట, ఇరవై నిమిషాలు కదపకూడదు. చుక్కలు గబగబా పడిపోతే పొడి బరకగా ఉందనో సరిగా అదమలేదనో అర్థం, డికాక్షన్ నీళ్ళలా వస్తుంది. అసలు పడకపోతే గట్టిగా అదిమేశామన్నమాట. మా ఇంట్లో మొదటి రోజు ఒక్క చుక్క కూడా దిగలేదు. తాత మంచం మీద నుంచే “బిళ్ళ కొంచెం వదులు చేయరా” అని కేకేశాడు. ఆ గొంతు విని అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అంత గట్టిగా మాట్లాడి ఎన్ని రోజులైందో!

అన్నది కన్నడం. మాతో తెలుగు కలిపి మాట్లాడతారు. ఆ మూడు నెలలూ డబ్బా అందిస్తూ “తాత హేగిద్దారె?” అని అడగని రోజు లేదు. వెనక క్యూలో వాళ్ళు గొణిగినా జవాబు వినేదాకా నన్ను పంపేవారు కాదు.

ఇప్పుడు తాత చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నాడు. టోకెన్ ఒకటే, గ్లాసులు రెండే.

అన్నా, మీకు తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. పత్రిక చేతికి రాగానే తెచ్చి చదివి వినిపిస్తాను. పొద్దున కాదు, రద్దీ తగ్గాక సాయంత్రం నాలుగింటికి వస్తాను.